మే నెల ఎండలో ఇద్దరు, సామాను, దూర ప్రయాణం: బండిలో ఏ ఇంజిన్ ఆయిల్ పోయాలి?

ఉగాది దాటిందంటే చాలు, తెలిసినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు నన్ను ఇదే ప్రశ్న అడుగుతారు. "బండి పుస్తకంలో 10డబ్ల్యూ-30 అని రాసి ఉందండీ. ఎండ మండిపోతోంది. వెనుక మా ఆవిడ, రెండు సంచులు. 20డబ్ల్యూ-50 పోయిస్తే ఇంజిన్‌కు మంచిది కదా?" చాలా బళ్ళ విషయంలో దీనికి జవాబు 'కాదు'. అయితే ఏది పోయాలో, ఎప్పుడు పోయాలో, పోశాక సరిగా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలో వరుసగా చెబుతాను. ఇది ముఖ్యంగా గాలితో చల్లబడే 100 నుంచి 350 సీసీ బళ్ళ కోసం. రేడియేటర్ ఉన్న బండికీ పద్ధతి ఇదే. అక్కడ ఇంజిన్ వేడిని కూలెంట్ చాలావరకు అదుపులో ఉంచుతుంది కాబట్టి గ్రేడ్ గురించి ఇంత బెంగ అక్కర్లేదు.

కావలసినవి:

- బండితో పాటు ఇచ్చిన పుస్తకం (పోయి ఉంటే కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది)
- బండికి పట్టేంత ఆయిల్, దారికి మరో పావు నుంచి అర లీటరు
- కొత్త ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్
- బోల్టుకు సరిగ్గా సరిపోయే రింగ్ స్పానర్
- పాత ఆయిల్ పట్టడానికి టబ్బు, గరాటు, గీతలున్న కొలత జగ్గు, పోగులు రాలని గుడ్డ

1. ముందు పుస్తకం తెరవండి

ఆయిల్ పేజీలో మీరు చూడవలసినవి మూడు: గ్రేడ్, క్లచ్ ప్రమాణం, పరిమాణం. కొన్ని పుస్తకాల్లో బయటి ఉష్ణోగ్రతను బట్టి ఏయే గ్రేడ్లు వాడవచ్చో చూపే పట్టీ కూడా ఉంటుంది. ఆ పట్టీ ఉంటే మీ పని సగం అయినట్లే. 40 డిగ్రీల దాకా వెళ్ళే గీత ఏ గ్రేడ్ పక్కన ఉందో చూడండి. ఒకటికి మించి ఉంటే వాటిలో రెండో అంకె పెద్దది తీసుకోండి.

ఇక్కడ ఒక్క ముక్క సిద్ధాంతం తప్పదు. 20డబ్ల్యూ-50లో మొదటి అంకె చలిలో ఇంజిన్ తిరగడానికి సంబంధించింది. 20డబ్ల్యూ ఆయిల్‌ను ఆ పరీక్షకు పెట్టేది సున్నాకు దిగువన 15 డిగ్రీల్లో, 10డబ్ల్యూని దిగువన 25 డిగ్రీల్లో. గుంటూరులో మే నెల తెల్లవారుజామున ఈ అంకె ఎంత ఉన్నా పెద్ద తేడా రాదు. మనకు పనికొచ్చేది రెండో అంకె. అది 100 డిగ్రీల వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా మిగులుతుందో చెబుతుంది. బయట ఎండ 44 అయినా 34 అయినా, నడిచే ఇంజిన్‌లో ఆయిల్ 100 డిగ్రీల చుట్టుపక్కలకు చేరుతుంది. ఎండ, బరువు, ఘాట్ కలిస్తే దాన్ని దాటుతుంది.

2. రెండో అంకెను మీ ఇష్టానికి పెంచకండి

పుస్తకంలో 30 గ్రేడ్ ఒక్కటే ఉండి, పట్టీ ఏదీ లేకపోతే 30 గ్రేడే పోయండి. ఆ ఇంజిన్‌లో ఆయిల్ వెళ్ళే సన్న దారులు, పంపు, బేరింగుల మధ్య సందులు అన్నీ ఆ చిక్కదనానికే లెక్కవేసి చేశారు. అందులో 50 పోస్తే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పైన ఉన్న హెడ్‌కు ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది. సన్న దారుల్లో తక్కువగా తిరుగుతుంది కాబట్టి మోసుకుపోయే వేడీ తక్కువే. పైగా చిక్కటి ఆయిల్‌ను చిలకడానికే ఇంజిన్ కొంత బలం ఖర్చుపెడుతుంది, అదీ వేడిగానే మారుతుంది. వేడి తగ్గిస్తుందని పోసినది వేడిని పెంచిందంటే ఇందుకే.

పుస్తకం 10డబ్ల్యూ-30తో పాటు 10డబ్ల్యూ-40ని కూడా ఒప్పుకుంటే మాత్రం, ఇద్దరితో, సామానుతో వెళ్ళే వేసవి ప్రయాణానికి నేను రెండో ఆలోచన లేకుండా 40కి వెళ్తాను. ఒక మెట్టు చాలు, రెండు మెట్లు వద్దు.

కిందికి దిగడం అంతకంటే పెద్ద తప్పు. పుస్తకం 20డబ్ల్యూ-50 చెప్పిన బండిలో "మైలేజీ వస్తుంది" అని 10డబ్ల్యూ-30 పోయించుకున్నవాళ్ళున్నారు. రోజూ ఆఫీసుకు వెళ్ళి రావడానికి అది బయటపడకపోవచ్చు. ఎండలో బరువుతో ఘాట్ ఎక్కినప్పుడు పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య నిలవాల్సిన పొర పలచబడుతుంది.

3. డబ్బా వెనుక 'జాసో ఎంఎ2' ఉందా చూడండి

నా లెక్కలో గ్రేడ్ కంటే ఇది ముఖ్యం. గేర్ల బళ్ళలో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. ఇంజిన్ లోపల జారాలి, క్లచ్ మాత్రం పట్టుకోవాలి. ఒకే ఆయిల్ ఈ రెండు పనులూ చేయాలి. ఆ పట్టును కొలిచి జపాన్ వాళ్ళు పెట్టిన ప్రమాణం జాసో. ఎంఎ అంటే గేర్ల బండికి పనికొచ్చేది. అందులోనే ఎక్కువ పట్టు ఉన్నది ఎంఎ2, కాస్త తక్కువది ఎంఎ1. ఎంబీ అంటే బాగా జారేది, అది గేర్లు లేని స్కూటర్ల కోసం. ఘాట్ మలుపులో ఇద్దరితో, సామానుతో ఆగి మళ్ళీ బయలుదేరినప్పుడు క్లచ్ మీద పడే భారం మామూలు రోజుల్లో ఎప్పుడూ పడదు. అందుకే పుస్తకం ఎంఎ అని మాత్రమే చెప్పినా, దొరికితే ఎంఎ2 తీసుకోండి.

కారు ఆయిల్ పోయకండి. ముఖ్యంగా డబ్బా మీద అమెరికా వాళ్ళ ప్రమాణమైన ఏపీఐ గుండ్రటి ముద్రలో, కింది భాగంలో 'రిసోర్స్ కన్సర్వింగ్' లేదా 'ఎనర్జీ కన్సర్వింగ్' అని ఉంటే అది మీ బండికి కాదు. ఇంధనం ఆదా చేయడానికి వాటిలో జారుడు పెంచే పదార్థాలు కలుపుతారు. నా పాత బండికి ఒక షెడ్డులో నేను టీ తాగి వచ్చేలోగా ఖరీదైన కారు ఆయిల్ పోసేశారు, మంచి చేస్తున్నామనే అనుకుని. రెండు రోజులు బండి వెన్నలా నడిచింది. దోర్నాల దాటి నల్లమల ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తోంది, బండి మాత్రం కదలదు. మా ఆవిడ దిగి నడిచింది. తర్వాత ఆయిల్ రెండుసార్లు మార్చినా పట్టు పూర్తిగా రాలేదు, చివరికి ప్లేట్లు మార్చాల్సి వచ్చింది.

ఏపీఐ అక్షరాల గురించి ఎక్కువ తల పట్టుకోనక్కర్లేదు. పుస్తకం ఎస్ఎల్ అంటే ఎస్ఎల్ గానీ దాని తర్వాత వచ్చిన ఎస్ఎం, ఎస్ఎన్ గానీ సరే, పక్కన ఎంఎ లేదా ఎంఎ2 ఉన్నంతవరకు.

4. మినరల్, సెమీ సింథటిక్, సింథటిక్

30 గ్రేడ్ సింథటిక్, 30 గ్రేడ్ మినరల్ కొత్తగా ఉన్నప్పుడు చిక్కదనంలో ఒకే కొలత పరిధిలో ఉంటాయి. తేడా తెలిసేది 1,500 కిలోమీటర్ల తర్వాత. మన బళ్ళలో గేర్‌బాక్స్ కూడా అదే ఆయిల్‌లో తిరుగుతుంది. గేరు పళ్ళ మధ్య నలిగి నలిగి, చిక్కదనం నిలబెట్టడానికి కలిపిన పదార్థం తెగిపోతుంది. అలా 50 గ్రేడ్‌గా బయలుదేరిన ఆయిల్ కొన్ని వారాలకు 40గా మారిపోవచ్చు. వేడి దీనికి తోడై ఆయిల్‌ను మాడ్చి జిగురు చేస్తుంది. మంచి సింథటిక్ ఈ రెండింటినీ ఎక్కువ కాలం తట్టుకుంటుంది.

కాబట్టి వెయ్యి కిలోమీటర్లు దాటే వేసవి ప్రయాణమైతే, పుస్తకం వద్దనకపోతే, అదే గ్రేడ్‌లో సింథటిక్‌కు డబ్బు పెట్టడం సబబే. వారాంతపు ప్రయాణానికి తాజా మినరల్ ఆయిల్ చాలు. మూడు వేల కిలోమీటర్లు నలిగిన సింథటిక్ కంటే నిన్న పోసిన మినరల్ మీదే నాకు నమ్మకం. సింథటిక్ పోస్తే సీళ్ళు పోతాయని పాత మెకానిక్‌లు ఇప్పటికీ అంటారు. అప్పటికే గట్టిపడిన సీళ్ళున్న పాత బండిలో కారడం బయటపడవచ్చు, అంతే. అలాంటి బండితో కొత్త ప్రయోగాలు ప్రయాణం ముందు పెట్టుకోకండి.

5. కొనేటప్పుడు

నకిలీ డబ్బాలు ఉన్నాయి. కంపెనీ అధీకృత డీలరు దగ్గర, బిల్లుతో కొనండి. మూత కింద రేకు సీలు చెక్కుచెదరకుండా ఉండాలి, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు చెరిగిపోకుండా ఉండాలి. గీకి చూసే కోడ్ ఉంటే దుకాణంలోనే గీకి చూడండి. 900 మిల్లీలీటర్లు, లీటరు, 1.2 లీటర్లు అని డబ్బాలు రకరకాలుగా వస్తాయి. మీ బండికి పట్టేది ఎంతో తెలుసుకుని వెళ్ళకపోతే దుకాణంలో ఉన్నదే మీకు కొలత అవుతుంది.

6. బయలుదేరే ముందురోజు కాదు, వారం ముందు మార్చండి

మార్చిన తర్వాత ఊళ్ళోనే 200, 300 కిలోమీటర్లు తిరిగే వ్యవధి ఉండాలి. వాషర్ కారుతోందా, మట్టం తగ్గుతోందా, క్లచ్ జారుతోందా అన్నవి ఇంటి దగ్గరే తెలుస్తాయి.

ఇంజిన్‌ను ఐదు నిమిషాలు నడిపి ఆపండి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే బాగా కారుతుంది. దూరం తిరిగి వచ్చిన వెంటనే విప్పితే చేయి కాలుతుంది. బండిని నిటారుగా నిలిపి, కింద టబ్బు పెట్టి, డ్రెయిన్ బోల్టు విప్పండి. పది నిమిషాలు వదిలేయండి. ఫిల్టర్ మార్చండి. మీ బండిలో ఆయిల్ వడకట్టే జల్లెడ ఉంటే దాన్ని పెట్రోలుతో కడిగి ఆరబెట్టండి. బోల్టును కొత్త వాషర్‌తో ముందు చేత్తోనే తిప్పి, ఆ తర్వాత స్పానర్‌తో బిగించండి. బోల్టు దిగే చోటు అల్యూమినియం. బలం చూపిస్తే మరలు తెగుతాయి, అప్పుడు వంద రూపాయల పని వేలల్లోకి వెళ్తుంది.

ఇప్పుడు పోయడం. పుస్తకంలో పరిమాణం రెండు రకాలుగా ఉంటుంది: మామూలుగా మార్చేటప్పుడు ఎంత, ఇంజిన్ మొత్తం విప్పినప్పుడు ఎంత. మీకు కావలసింది మొదటిది. పాత ఆయిల్ కొంత లోపల అంటుకుని ఉండిపోతుంది కాబట్టి అది తక్కువ ఉంటుంది. రెండోది చూసి పోసేవాళ్ళు, డబ్బా మొత్తం వంపేసేవాళ్ళు చాలామంది. జగ్గుతో కొలిచి, ఓ వంద మిల్లీలీటర్లు ఆపుకుని పోయండి. మిగిలింది మట్టం చూసి కలపండి.

7. మట్టం చూడటం: ఎక్కువ తప్పులు ఇక్కడే

ఇంజిన్‌ను మూడు నిమిషాలు ఐడిల్‌లో నడపండి. ఆపి, మరో మూడు నిమిషాలు ఆగండి. బండి సమతలంగా ఉన్న నేల మీద, సెంటర్ స్టాండ్ మీద ఉండాలి. సెంటర్ స్టాండ్ లేకపోతే ఒకరు నిటారుగా పట్టుకోవాలి. సైడ్ స్టాండ్ మీద చూస్తే ఆయిల్ ఒక పక్కకు ఒరిగి, మట్టం తప్పుగా కనిపిస్తుంది. ఆయిల్ మట్టం కనిపించే చిన్న అద్దం ఇంజిన్‌కు ఉన్న బండిలో రెండు గీతల మధ్య చూస్తే చాలు. డిప్‌స్టిక్ ఉంటే తుడిచి, మళ్ళీ పెట్టి తీయాలి. చాలా బళ్ళలో దాన్ని మరలు తిప్పకుండా అలా ఆనించి తీయాలి, కొన్నింటిలో బిగించి తీయాలి. మీ పుస్తకం ఏది చెబితే అది. ఈ ఒక్క తేడాకే మట్టం నిజంగా ఉన్నదానికంటే ఎక్కువగానో తక్కువగానో కనబడుతుంది.

బరువుతో వెళ్ళేటప్పుడు మట్టం పై గీతకు దగ్గరగా ఉంచండి, దాటించకండి. "వేడిలో తగ్గుతుంది కదా, ఒక గ్లాసు ఎక్కువే పోద్దాం" అనే మాట నేను చాలా షెడ్లలో విన్నాను. ఎక్కువైన ఆయిల్‌ను లోపలి భాగాలు చిలికి నురగ చేస్తాయి. నురగ ఆయిల్ చేసే పని చేయదు. మిగిలింది బ్రీదర్ గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి చేరుతుంది.

తర్వాత క్లచ్ పరీక్ష. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 40 వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ ఒక్కసారి ఎక్కువ తిప్పండి. వేగంతో పాటే ఇంజిన్ శబ్దం పెరగాలి. శబ్దం ముందుకు పోయి బండి వెనకపడితే క్లచ్ జారుతోంది. ముందు కేబుల్‌కు కాస్త వదులు ఉందో లేదో చూడండి. అది సరిగా ఉండి కూడా జారితే ఆయిల్‌ను అనుమానించండి.

8. దారిలో: రెండు బళ్ళ కథ

పోయిన వేసవిలో మేము, మా బావమరిది దంపతులు రెండు బళ్ళ మీద విజయవాడ నుంచి శ్రీశైలం వెళ్ళాం. గుంటూరు, నరసరావుపేట, వినుకొండ మీదుగా దోర్నాల చేరి, అక్కడి నుంచి నల్లమల ఘాట్. నాది 150 సీసీ, పుస్తకం 20డబ్ల్యూ-50 అంటుంది. నేను, మా ఆవిడ, సామాను కలిపి 155 కిలోలు. పుస్తకం ఒప్పుకునే బరువుకు అది దాదాపు అంచు. సెమీ సింథటిక్ 20డబ్ల్యూ-50, ఎంఎ2 పోశాను. అతనిది 125 సీసీ, పుస్తకంలో 10డబ్ల్యూ-30 ఒక్కటే. షెడ్డువాళ్ళు 20డబ్ల్యూ-50 పోస్తామన్నారు. నేను వద్దని, అదే 10డబ్ల్యూ-30లో సింథటిక్, ఎంఎ2 పోయించాను.

ఎండ నుంచి తప్పించుకోవాలని తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరాం. మైదానంలో రెండు బళ్ళూ ఇబ్బంది పెట్టలేదు. వేగంగా వెళ్తున్నప్పుడు గాలి తగులుతుంది కాబట్టి ఇంజిన్ తట్టుకుంటుంది. అసలు పరీక్ష ఘాట్‌లో. వేగం తక్కువ, గేరు తక్కువ, ఇంజిన్ చుట్లు ఎక్కువ, గాలి లేదు. ఒకచోట ఆగినప్పుడు అతని బండి న్యూట్రల్‌లోకి రావడానికి మొండికేసింది. ఆయిల్ బాగా వేడెక్కి పలచబడిందనడానికి తొలి గుర్తుల్లో ఇదొకటి. చూస్తే క్రాష్ గార్డుకు రెండు పక్కలా నీళ్ళ సీసాల సంచులు కట్టాడు, అవి ఇంజిన్ రెక్కలకు గాలి తగలనీయడం లేదు. వాటిని విప్పి వెనక్కి మార్చి, చెట్టు కింద ఇరవై నిమిషాలు ఆగాం. ఆ తర్వాత గేర్లు మామూలుగానే పడ్డాయి. ఆయిల్ తప్పు ఏమీ లేదు.

మీరు దారిలో చూడవలసిన గుర్తులు ఇవి: న్యూట్రల్ పడకపోవడం, గేర్లు గట్టిగా పడటం, హెడ్ దగ్గర టకటక శబ్దం పెరగడం, పైకి ఎక్కుతుంటే బలం తగ్గడం. వీటిలో ఏది కనిపించినా నీడలో ఆగి ఇంజిన్ ఆపండి. వేడి ఇంజిన్ మీద నీళ్ళు పోయకండి, లోహం పగిలే ప్రమాదం ఉంది. మీటరు మీద ఆయిల్ ఎర్ర దీపం ఉండి, నడుస్తుండగా అది వెలిగితే ఇంకో కిలోమీటరు కూడా వెళ్ళకండి. చాలా చిన్న బళ్ళకు ఆ దీపమే ఉండదు, అక్కడ మట్టం చూసుకోవడమే దారి.

మట్టాన్ని రోజుకు ఒకసారి, ఒకే పద్ధతిలో చూడండి. నేను రాత్రి బస దగ్గర ఆపాక పది నిమిషాలకు చూస్తాను. ఒకరోజు చల్లటి ఇంజిన్‌తో, మరోరోజు వేడి ఇంజిన్‌తో చూస్తే ఆయిల్ తగ్గిందో మీ కొలత మారిందో తెలియదు. శ్రీశైలంలో నా బండి మట్టం పై గీత నుంచి అగ్గిపుల్ల మందం దిగింది. తిరుగు ప్రయాణానికి ముందు వంద మిల్లీలీటర్లు కలిపాను.

అదే ఆయిల్ దారిలో దొరక్కపోతే అదే గ్రేడ్, ఎంఎ లేదా ఎంఎ2 ఉన్న వేరే కంపెనీది కలపండి. మినరల్, సింథటిక్ ఒకదానితో ఒకటి కలుస్తాయి, ఏమీ విరగదు. ఇంటికి వచ్చాక మొత్తం మార్చేస్తే సరి. మట్టం కింది గీతకు దిగిన బండిని నడపడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు. 500 కిలోమీటర్లలో పై గీత నుంచి కింది గీతకు దిగిపోతే మాత్రం అది ఆయిల్ ఎంపిక సమస్య కాదు. పొగ గొట్టం నుంచి నీలి పొగ వస్తోందా, కింద ఎక్కడైనా కారుతోందా చూసి మెకానిక్ దగ్గరకు వెళ్ళండి.

9. తిరిగి వచ్చాక

పుస్తకంలో చెప్పిన గడువు మామూలు వాడకానికి. ఎండ, బరువు, ఘాట్ కలిసిన ప్రయాణమైతే నేను ఆ గడువులో మూడో వంతు కోసేస్తాను. ఆరు వేలు అని ఉంటే నాలుగు వేలకే మారుస్తాను. అంతకంటే ముందే గేర్లు గరగరమంటే ఇంకా ముందే.

తీసిన ఆయిల్‌ను ఒకసారి పరీక్షగా చూడండి. నల్లగా ఉందని భయపడకండి, మసిని పట్టుకోవడం దాని పనే. రెండు వేళ్ళ మధ్య రుద్దితే కంటికి కనిపించే లోహపు రజను తగలకూడదు. పాలు కలిపిన కాఫీ రంగు ఉంటే నీరు చేరింది. పెట్రోలు వాసన గట్టిగా వస్తే ఇంధనం దిగుతోంది, ఆ పలచదనానికి ఏ గ్రేడ్ పోసినా లాభం లేదు, కారణం వెతకాలి.

పాత ఆయిల్‌ను మురుగు కాలువలో వంపకండి. డబ్బాలో పట్టి షెడ్డులో ఇస్తే, వాళ్ళ దగ్గర సేకరించేవాళ్ళు తీసుకెళ్తారు. కొత్త ఆయిల్ ఖాళీ డబ్బాకు మేకుతో రెండు కన్నాలు పొడిచి పారేయండి. నకిలీ ఆయిల్ నింపేవాళ్ళకు కావలసింది ఆ డబ్బాయే.